తగినంత అంటే ఎంతప్పా?

"మందును తగినంత నీటిలో కలిపి విత్తనమునకు పట్టించవలెను." వేరుశనగ విత్తే రోజుల్లో రైతుల చేతికి అందే కరపత్రాల్లో ఇలాంటి వాక్యం ఒకటైనా కనబడుతుంది. అక్షర దోషం లేదు. వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ పామిడి పక్క పల్లెలో ఆ కాగితం పట్టుకుని, ఎదురుగా విత్తనం రాశి పోసుకుని కూర్చున్న మనిషికి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: తగినంత అంటే ఎంతప్పా?

దానికి కాగితం జవాబు చెప్పదు. పక్క చేను అన్న చెబుతాడు. ఎందుకంటే ఆ అన్న ముందు మీరున్నారు, మీ విత్తనం ఉంది, మీ చేతిలో చెంబు ఉంది. కాగితం రాసినవాడి ముందు ఇవేవీ లేవు. మరి కాగితాన్నే ఆ అన్న మాట్లాడినట్టు రాయడం సాధ్యమా? సాధ్యమే. అయితే అంకెలు కొట్టేసి, వాక్యం చివర 'అన్నా' అని తగిలిస్తే అయిపోయే పని మాత్రం కాదు. ఈ వారం ఒక కరపత్రాన్ని ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యాన్నీ అన్న నోట పలికించి చూద్దాం.

ఎందుకింత పట్టింపు?

2000 సంవత్సరం ఖరీఫ్‌ను అనంతపురం జిల్లా రైతులు మరచిపోలేరు. ఆ ఏడు వేరుశనగ పైరుకు కాండం కుళ్ళు వైరస్ తెగులు సోకింది. లేత మొక్కలు మొవ్వు మాడి, కాండం నల్లబడి చచ్చిపోయాయి. దాదాపు రెండుంపావు లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నదనీ, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందనీ లెక్క కట్టారు. ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ పని అని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు గుర్తించారు. మనం కాంగ్రెస్ గడ్డి అనే వయ్యారిభామ మొక్కలో ఆ వైరస్ ఉంటుంది. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని వేరుశనగ ఆకు మీదికి వస్తుంది. పురుగు ఆకును గీరినచోట వైరస్ లోపలికి దూరుతుంది.

విత్తే ముందే విత్తనానికి మందు పట్టిస్తే, మొలిచిన తొలి వారాల్లో లేత మొక్కను తామర పురుగు అంతగా పీడించలేదు. చేను చుట్టూ వయ్యారిభామను పీకేయడం, గట్ల వెంట నాలుగు వరుసలు జొన్నో సజ్జో వేయడం కూడా దీనితోపాటు చేయాల్సినవే. విత్తన శుద్ధి ఒక్కటే గండం గట్టెక్కించదు. కానీ ఖర్చు తక్కువ, ఒక పూట పని. అంత చిన్న పని కూడా కాగితం మీద అర్థం కాక ఆగిపోతే, లేదా తప్పుగా జరిగి మొలకే రాకపోతే, నష్టం కాగితానిది కాదు.

ఇదిగో కరపత్రం

ఈ కోవ కరపత్రాల ధోరణిలో నమూనాగా ఒకటి ఇక్కడ ఇస్తున్నాను. మోతాదులు వ్యవసాయ విశ్వవిద్యాలయం వేరుశనగకు చెబుతూ వచ్చినవే.

1. నాణ్యమైన విత్తనమును ఎంపిక చేసుకొనవలెను.
2. కిలో విత్తనమునకు 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ మందును తగినంత నీటిలో కలిపి పట్టించవలెను.
3. నీడలో ఆరబెట్టవలెను.
4. అనంతరం కిలో విత్తనమునకు 3 గ్రా. మాంకోజెబ్ పొడి మందును పట్టించవలెను.
5. శుద్ధి చేసిన విత్తనమును విత్తుకొనవలెను.
6. తగు జాగ్రత్తలు తీసుకొనవలెను.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. వరుస కూడా సరైనదే. లేనిదల్లా మనిషి. తెలుగులో క్రియ చివరనే కర్త కూర్చుని ఉంటాడు. 'కలుపు' అంటే నువ్వు, 'కలుపుదాం' అంటే మనం, 'కలుపుతుంది' అంటే ఆమె. 'కలుపవలెను' అన్నప్పుడు మాత్రం ఎవరూ లేరు. ఎవరు కలపాలి, ఎక్కడ కూర్చుని, ఎంత రాశికి, ఎంతసేపు అనేవన్నీ ఆ 'వలెను' వెనకాల దాక్కున్నాయి. కాబట్టి మన పని ఆ దాగినవాటిని బయటికి లాగడం.

మొదటి వాక్యం: కంటికి కనిపించేటట్టు

'నాణ్యమైన విత్తనం' అన్నమాట అప్పటికే నాణ్యత తెలిసినవాడికే పనికొస్తుంది. తెలియనివాడికి ఏం చూడాలో చెప్పాలి. అనంతపురం జిల్లాలో వేరుశనగ కాయల్ని బుడ్డలంటారు. అన్న ఇలా మొదలుపెడతాడు:

"బుడ్డలు ఒలిచినాక పప్పు చాట నిండా పోసుకొని చూడప్పా. ముడతలు పడినవి తీసెయ్. పైపొర ఊడినవి, బద్దలుగా చీలినవి తీసెయ్. బద్ద మొలవదు. పొర ఊడిన పప్పు మొలిచేలోపే భూమిలో కుళ్ళుతాది. నిండుగా, పొర చెదరకుండా ఉండేదే నీకు విత్తనం."

ఇక్కడ 'ఎంపిక' అనే ఒక్క మాట మూడు చూపులైంది. ఎందుకు తీసెయ్యాలో కూడా ఆ పక్కనే చెప్పాడు. కారణం తెలిసినవాడు నాలుగో రకం చెడ్డ పప్పు కనబడితే తనే తీసేస్తాడు, కాగితంలో దాని పేరు లేకపోయినా.

రెండో వాక్యం: లెక్క నా సంచికి రావాలి

మొత్తం కరపత్రంలో ప్రమాదకరమైన వాక్యం ఇదే. 'కిలో విత్తనమునకు' అంటే ఏ కిలో? రైతు ఇంటికి వచ్చేది కాయల సంచి. విత్తేది పప్పు. మోతాదు చెప్పింది పప్పుకు. రాసినవాడికి ఈ సంగతి ఎంతగా తెలుసంటే, చెప్పాలనే తోచలేదు.

లెక్క వేసి చూద్దాం. రైతు దగ్గర 30 కిలోల కాయల సంచులు మూడున్నాయి. మొత్తం 90 కిలోలు. మంచి కాయ అయితే ఒలిస్తే నూటికి 70 వంతుల వరకు పప్పు వస్తుంది. అంటే 63 కిలోలు. అందులో ముడతలవీ బద్దలూ మూడు కిలోలు పోయాయనుకుంటే మిగిలింది 60. కిలోకు రెండు మిల్లీలీటర్ల చొప్పున 120 మిల్లీలీటర్ల మందు కావాలి. అదే కాయల బరువు మీద లెక్క కడితే 180 అవుతుంది. ఒకటిన్నర రెట్లు! డబ్బూ దండగ, మొలకకూ మంచిది కాదు.

ఇంకో చిక్కు ఉంది. 60 కిలోలు ఒకే రాశిగా పోసి మందు కలిపితే పైన పప్పు తడుస్తుంది, అడుగున పొడిగా ఉంటుంది. కాగితం ఈ ఊసే ఎత్తలేదు. అన్నకు ఆ రాశి కళ్ళముందుంది కాబట్టి పదేసి కిలోలుగా విడగొడతాడు:

"కాయల లెక్క కాదప్పా, ఒలిచిన పప్పు లెక్క. నీకు అరవై కిలోలు వచ్చినాయి కదా, ఒకేసారి పోసుకోవద్దు. పది కిలోలు తూచి తట్టలో పోసి, ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టుకో. ఇంక తూచే పని లేదు, అట్లాంటి తట్టలు ఆరు. తట్టకు ఇరవై మిల్లీలీటర్లు, అంతే. డబ్బాతో వచ్చే మూత మీద గీతలు ఉంటాయి, దాంతోనే కొలువు. టీ గ్లాసుతో వద్దు, మల్లా ఆ గ్లాసు వంటింట్లోకి పోతాది.

"మందు కొనేటప్పుడే ఒక మాట అడుగు. విత్తనానికి పట్టించే రకం వేరు, పైరు మీద కొట్టే రకం వేరు. పేరు ఒకటే ఉంటాది, లోపల బలం వేరుగా ఉంటాది. విత్తనానికి అని చెప్పి తీసుకో. డబ్బా మీద ఇంకో మోతాదు రాసి ఉంటే, నేను చెప్పింది ఇడిసిపెట్టి అదే వెయ్యి."

ఆ చివరి మాట గమనించండి. స్నేహితుడిలా మాట్లాడడమంటే అన్నీ తనకే తెలుసన్నట్టు మాట్లాడడం కాదు. తన మాట ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ డబ్బా మీది అక్షరాన్నే నమ్మాలో చెప్పేవాడే స్నేహితుడు.

ఇక మన 'తగినంత'. దీనికి రెండు జవాబులుంటాయి. ఒకటి కొలత, రెండోది ఆనవాలు. కొలత డబ్బా మీద ఉంటుంది. కానీ పని జరుగుతున్నప్పుడు చేతికి కావలసింది ఆనవాలు:

"మందులో కలిపే నీళ్ళు శానా కొంచెమే. డబ్బా మీద ఎంత ఉంటే అంత కొలుచుకో. పట్ట మీద పప్పు పరిచి, కొంచెం కొంచెంగా చల్లుతా, పట్ట రెండు కొసలు ఇద్దరు పట్టుకొని అటూ ఇటూ దొర్లించండి. చేత్తో పిసకద్దు, పొర ఊడుతాది. పప్పంతా తడి మెరుపు రావల్ల. పట్ట మీద నీళ్ళు మాత్రం నిలబడకూడదు. నిలబడిందంటే ఎక్కువైనట్టే."

ఎక్కువైతే? ఇది కరపత్రాలు దాదాపు ఎప్పుడూ రాయని వాక్యం. పని తప్పుదారి పట్టినప్పుడు ఏం చేయాలో కాగితం చెప్పదు, ఎందుకంటే కాగితం లోకంలో పని తప్పుదారి పట్టదు. అన్న లోకంలో పడుతుంది:

"పొర ముడతలు పడి జారుతా ఉందంటే తడి ఎక్కువైంది. భయపడొద్దు. ముట్టుకోకుండా పల్చగా నీడలో పరిచిపెట్టు. ఆరినాక పొర ఊడినవి ఏరి పక్కన పెట్టు. రెండో తట్టకు నీళ్ళు తగ్గించు. మందు తగ్గించొద్దు, నీళ్ళు మాత్రమే."

మూడు, నాలుగు: ఎప్పటిదాకా?

'నీడలో ఆరబెట్టవలెను' అన్నదాంట్లో ఎంతసేపు అన్నది లేదు. ఉన్నా కష్టమే. మబ్బు పట్టిన రోజుకూ గాలి వీచే రోజుకూ ఒకే గంట లెక్క పనికిరాదు. ఇలాంటిచోట గడియారం కంటే గుర్తు మేలు. 'అరగంట' అని రాయడం సులువు. 'పప్పులు దేనికది దొర్లేదాకా' అని రాయాలంటే ఆ పని ఒకసారి చూసి ఉండాలి.

"ఎండలో వద్దప్పా, పొర పగులుతాది. వసారాలోనో చెట్టు కిందో పరుచు. పట్ట ఒక కొస ఎత్తితే పప్పులు ఒకదానికొకటి అంటుకోకుండా గలగలా దొర్లితే ఆరినట్టు. గుంపుగా జారితే ఇంకా ఆరల్లేదు.

"ఆరినాకనే పొడి మందు. ముందు పొడి వేసి తర్వాత నీళ్ళ మందు పోస్తే ఆ పొడి అంతా కడుక్కొని పోతాది, పట్టకు అంటుకుంటాది. పొడి మందు తట్టకు ముప్పై గ్రాములు. వంద గ్రాముల పాకెట్ తీసుకుంటే మూడు తట్టలకు వచ్చి, అడుగున ఇంకొంచెం మిగలల్ల. రెండు పాకెట్లతో ఆరు తట్టలూ అయిపోతాయి. మల్లా పట్ట దొర్లించు. ప్రతి పప్పు మీదా పల్చగా పొడి కనపడల్ల. కొన్నిటికి పొడి అంటి, కొన్ని ఉత్తగా ఉంటే ఇంకోసారి దొర్లించు, ఇంకో గుప్పెడు మందు వెయ్యొద్దు."

'అనంతరం' అనే ఒక్క మాటలో కరపత్రం వరుసను ఇరికించింది. అన్న ఆ వరుస తారుమారైతే ఏమవుతుందో చెప్పాడు. అంకె వేస్తే వరుస తెలుస్తుంది. కారణం చెబితే వరుస గుర్తుంటుంది. కాగితం గాలికి ఎగిరిపోయినా రైతు ఇక పొడి మందు ముందు వేయడు.

అయిదు, ఆరు: చివరివి ముందుకు

'తగు జాగ్రత్తలు తీసుకొనవలెను' అనేది ఆరో అంకె దగ్గర, కాగితం అడుగున ఉంది. అక్కడికి చదువుకుంటూ వచ్చేసరికి చేతులకు మందు అంటే ఉంటుంది. ఎదుట కూర్చున్న స్నేహితుడు అలా చేయడు. డబ్బా మూత తీయకముందే చెయ్యి పట్టుకుంటాడు. అందువల్ల ఆరో వాక్యం రెండు ముక్కలై మొదటి ముక్క అన్నిటికంటే పైకి వెళ్ళాలి:

"మూత తీసేముందు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ. పిల్లోల్లను, కోళ్ళను దూరంగా తోలు. బీడీ, వక్కాకు పని అయినాకనే, అదీ సబ్బుతో చేతులు కడుక్కున్నాకనే."

రెండో ముక్క పని అయ్యాక రావాలి:

"మిగిలిన పప్పు తినేదానికి కాదు, నూనె ఆడించేదానికి కాదు, గొడ్లకు, కోళ్ళకు వేసేదానికి కాదు. అందుకే ఎంత విత్తుతావో అంతకే మందు కలుపు. వాన పడి, రేపు గొర్రు కడతాం అనుకున్నాకనే ఈ పని పెట్టుకో. ఒలిచిన పప్పు రోజులు గడిచేకొద్దీ మొలక శాతం తగ్గుతా పోతాది."

అయిదో వాక్యంలో కరపత్రం ఒక మనిషిని పూర్తిగా మరచింది. 'విత్తుకొనవలెను' అన్నారు. విత్తేది ఎవరు? చాలా ఊళ్ళలో గొర్రు తోలేది మగవాళ్ళయితే, వెనక నడుస్తూ విత్తనం వదిలేది ఆడవాళ్ళు. మందు కలిపే గంట సేపు తొడుగులు వేసుకున్నది ఒకరు. ఆ మందు పట్టించిన పప్పును పూటంతా గుప్పిళ్ళతో తీసి వదిలేది మరొకరు. కాగితం మొదటి మనిషి చేతిలోనే ఆగిపోయింది. కాబట్టి అన్న మాట అక్కడికి పోవాలి: "విత్తేదానికి వచ్చే వదినకు కూడా చేతి తొడుగులు తీసిపెట్టు. మధ్యాహ్నం సంగటి ముద్ద ముట్టేముందు సబ్బుతో కడుక్కోమని చెప్పు. సబ్బు చేనుకే ఎత్తుకొని పో."

మార్చకూడనివి

ఇంత మార్చాం కదా, ఏవి మార్చలేదో కూడా ఒకసారి చూసుకోండి. కిలోకు రెండు మిల్లీలీటర్లు, మూడు గ్రాములు అలాగే ఉన్నాయి. తట్టకు ఇరవై, ముప్పై అయ్యాయి గానీ నిష్పత్తి మారలేదు. ద్రవం ముందు, పొడి తర్వాత అన్న వరుస అలాగే ఉంది. మందుల పేర్లు అంగడిలో అడగాల్సిన పేర్లే కాబట్టి వాటికి తెలుగు కల్పించకూడదు. 'పురుగు మందు' అని చనువుగా రాస్తే అంగడివాడు ఏది పడితే అది ఇస్తాడు.

చనువు మాటల్లోనే అసలు ఉచ్చు ఉంది. 'కొంచెం', 'కాస్త', 'ఒక రవ్వ' స్నేహంగా వినబడతాయి. కానీ మోతాదు దగ్గర 'కాస్త' అంటే అది 'తగినంత'కు తోబుట్టువే. పైన అన్న 'శానా కొంచెమే' అన్నప్పుడు వెంటనే డబ్బా మీది కొలత చూడమన్నాడు, నీళ్ళు నిలబడకూడదన్న ఆనవాలు కూడా ఇచ్చాడు. అవి రెండూ లేకుండా 'కొంచెం' అని ఊరుకుంటే, అది యాస మారిన కరపత్రమే తప్ప స్నేహితుడి మాట కాదు.

చెప్పినవారి చెవి కాదు, విన్నవారి చెయ్యి

ఇలా మార్చిన మాట పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? 'అర్థమైందా?' అని అడిగితే తెలియదు. పెద్దమనిషి ముందు అర్థం కాలేదని ఎవరంటారు? దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించి చూపిన ఉదాహరణ పొరుగు దేశంలో ఉంది.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్ళపాటు ఇల్లిల్లూ తిరిగి, పిల్లల విరేచనాలకు ఇంట్లోనే ఉప్పు బెల్లం నీళ్ళు కలిపి పట్టడం తల్లులకు నేర్పింది. కోటికి పైగా ఇళ్ళకు వెళ్ళారు. కాగితం పంచలేదు. మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు అంటూ తల్లి చేతినే కొలపాత్ర చేశారు. ఆమె చేతే కలిపించారు. అసలు విశేషం జీతంలో ఉంది. నేర్పడానికి వెళ్ళిన ఆమెకు ఎన్ని ఇళ్ళు తిరిగిందన్న లెక్క మీద డబ్బు ఇవ్వలేదు. కొన్ని వారాల తర్వాత వేరొకరు వెళ్ళి, కొందరు తల్లులను ఏం గుర్తుందో అడిగేవారు. వాళ్ళ చేత నీళ్ళు కలిపించి, అందులో ఉప్పు పాళ్ళు పరీక్ష చేయించేవారు. తల్లికి ఎంత వచ్చిందో దాన్నిబట్టే నేర్పినామెకు కూలి.

ఇంకో పాఠం కూడా వాళ్ళకు ఎదురైంది. తల్లులకు కలపడం వచ్చింది, కానీ పిల్లవాడికి జబ్బు చేసినప్పుడు చాలామంది వాడలేదు. ఆరా తీస్తే, నేర్పుతున్నవాళ్ళలోనే కొందరికి ఆ నీళ్ళ మీద నమ్మకం లేదని తేలింది. తనే నమ్మని మాటను స్నేహంగా చెప్పడం ఎవరివల్లా కాదు. ముందు వాళ్ళకు నమ్మకం కలిగించారు. ఇంట్లో మగవాళ్ళతోనూ మాట్లాడడం మొదలుపెట్టారు. ఈ రోజుల్లో మనకు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు దొరుకుతున్నాయి కాబట్టి చిటికెలతో కొలవనక్కర లేదు. పొట్లం మీద రాసినన్ని నీళ్ళే పోయాలి. ఆ పరీక్ష పద్ధతి మాత్రం మన కరపత్రానికీ పనికొస్తుంది.

అది ఇలా. మార్చి రాసినదాన్ని విత్తన శుద్ధి ఎన్నడూ చేయని ఒకరికి చదివి వినిపించండి. మందుకు బదులు రంగు నీళ్ళు, పొడికి బదులు ముగ్గుపిండి ఇవ్వండి. పది కిలోలు కూడా వద్దు, రెండు కిలోల పప్పు చాలు. తర్వాత మీరు నోరు మూసుకుని కూర్చోండి. కష్టమైన భాగం ఇదే. ఆయన చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ మీ వాక్యంలో గుంట ఉంది. మీవైపు చూసి ఏం అడిగితే అది మీరు రాయాల్సిన తర్వాతి వాక్యం. రెండు కిలోలకు నాలుగు మిల్లీలీటర్లని తనే లెక్క కట్టుకోగలిగితే ఆ భాగం గట్టెక్కినట్టు. పట్ట మీద నీళ్ళు నిలిచినా గమనించకుండా ముందుకు పోతే, ఆనవాలు ఇంకోసారి, ఇంకా ముందుగా చెప్పాలి.

అంకెలు పూర్తిగా పోవాలా?

అక్కర్లేదు. అన్న మాట మొదటిసారికి. రెండో ఏడు రైతుకు అంతా తెలిసే ఉంటుంది, వరుస, కొలతలు మాత్రం ఒకసారి కళ్ళముందు ఉంటే చాలు. అప్పుడు పేజీడు కబుర్లు అడ్డమే. చేతులకు తొడుగులున్న మనిషి కాగితం తిరగేస్తూ కూర్చోలేడు. కాబట్టి మాటంతా అయ్యాక చివర, గోడకు అంటించుకునేందుకు, నాలుగు గీతల చీటీ ఒకటి ఉండాలి:

1. తొడుగులు, గుడ్డ. పిల్లలు దూరం.
2. పప్పు 10 కిలోలు, నీళ్ళ మందు 20 మి.లీ. పట్ట మీద నీళ్ళు నిలవకూడదు.
3. నీడలో, గలగలా దొర్లేదాకా.
4. పొడి మందు 30 గ్రా. ప్రతి పప్పు మీదా కనపడాలి.

ఇందులోనూ అంకెలున్నాయి. మొదటి కరపత్రానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇందులో ప్రతి అంకె పక్కనా ఆ పని ఎవరికోసం ఆగాలో, లేదా ఎక్కడ ఆగాలో ఉంది. 'వలెను' ఒక్కటీ లేదు.

ఈ వారం మీ ఇంట్లోకి వచ్చిన ఏదో ఒక సూచనల కాగితం తీయండి. అందులో 'తగినంత', 'తగు', 'అవసరమైనచో', 'సరియైన' అన్న మాటల కింద గీత గీయండి. ప్రతి గీత దగ్గరా, ఆ పని తెలిసిన మనిషిని అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది. వాళ్ళిచ్చిన జవాబును వాళ్ళ మాటల్లోనే ఆ పక్కన రాసిపెట్టుకోండి. ఆ కాగితం తర్వాత చదివేవాళ్ళకు 'ఎంతప్పా?' అని అడిగే పని తప్పుతుంది.